ఆర్డర్లు ఎక్కువైపోయాయి, పొయ్యి ఒక్కటే

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో దాదాపు 80 ఇళ్లున్నాయి. నా చేతి జంతికలు, చెక్కలు బాగుంటాయని అందరూ అంటుంటారు. ఆ ధైర్యంతో పోయిన నెల మా గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. "ఇంట్లో చేసిన జంతికలు, చెక్కలు కావాలంటే చెప్పండి, ఫ్రెష్‌గా చేసి ఇస్తాను. రేటు కోసం పర్సనల్‌గా మెసేజ్ చేయండి" అని, అంతే. కొందరు గ్రూపులోనే "మాకు కిలో" అన్నారు, కొందరు విడిగా రాశారు, కొందరు లిఫ్టులో చెప్పారు, ఒకావిడ పనమ్మాయితో కబురు పంపారు. అన్నీ కలిపితే 20 కిలోలు దాటింది. మూడు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు. చివర్లో చేసినవి ఎర్రగా వచ్చాయి, కొన్ని మెత్తబడ్డాయి. రాత్రి పదిన్నరకి కూడా బెల్లు కొట్టారు. చెప్పినవాళ్లలో కొందరు అసలు తీసుకెళ్లనే లేదు. కింది ఫ్లోర్ ఆంటీ "మనలో మనకి ఇంత రేటా?" అంటే మొహమాటానికి తగ్గించి ఇచ్చాను, అది ఇంకొకరికి తెలిసింది. మా ఆయన "ఇంక చాలు, మానెయ్" అంటున్నారు. నాకు మానాలని లేదు, నా చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. కానీ మళ్లీ మెసేజ్ పెట్టాలంటే టెన్షన్. "ఇంతే చేస్తాను, ఇంటికి ఇన్నే" అని రాస్తే గొప్పలు పోతోంది అనుకుంటారేమో. ధర అందరి ముందూ రాయాలా? అసలు ఆ మెసేజ్ ఎలా రాయాలి?

సమాధానం: మీరు అడిగింది మెసేజ్ గురించే గానీ, ముందు ఫోన్ పక్కన పెట్టి వంటింట్లో ఒక లెక్క వేయాలి. "ఇంటికి ఇన్నే" అని రాయడానికి మీకు మొహమాటం ఎందుకంటే, ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో మీకే తెలీదు. ఊరికే అనుకుని పెట్టిన పరిమితి అయితే ఎవరైనా గట్టిగా అడగ్గానే కరిగిపోతుంది. పొయ్యి చెప్పిన పరిమితి అయితే మీరు కాదనడానికి ఏమీ ఉండదు, వాళ్లూ అర్థం చేసుకుంటారు.

లెక్క ఇలా వేయండి. మీ మూకుడులో ఒక వాయికి ఎన్ని గ్రాములు వస్తాయో ఒకసారి తూచండి. అది ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. మామూలు ఇంటి మూకుడులో జంతికలు వాయికి 200 గ్రాములు, 7 లేదా 8 నిమిషాలు అనుకుందాం. కాగితం మీద గంటకి దాదాపు కిలోన్నర కనిపిస్తుంది. నిజంగా అంత రాదు. మధ్యలో గిద్దలు నింపుకోవాలి, ఫోన్ మోగుతుంది, నూనె మళ్లీ కాగాలి. గంటకి 1.2 కిలోలు అంటే నమ్మదగ్గ లెక్క. చెక్కలు ఇంకా నెమ్మది, ఎందుకంటే ఒక్కొక్కటీ చేత్తో వత్తాలి. ఒక్కరే వత్తి, ఒక్కరే వేయిస్తే గంటకి 800 గ్రాములు దాటడం కష్టం. పోయినసారి మీరు రెండిటినీ ఒకే గాటన కట్టి ఒప్పుకున్నారని నా అనుమానం. కిలో చెక్కలు, కిలో జంతికలు తూకంలో ఒకటే గానీ మీ నడుముకి ఒకటి కాదు.

ఇప్పుడు మీకు నిజంగా దొరికే గంటలు చూడండి. శుక్రవారం సాయంత్రం మూడు గంటలు, శనివారం ఉదయం మూడు గంటలు అనుకుందాం. శుక్రవారం జంతికలు చేస్తే 3.6 కిలోలు, శనివారం చెక్కలు చేస్తే 2.4 కిలోలు వస్తాయి. ఇందులో విరిగినవి పోతాయి, మొదటి వాయి రుచి చూడ్డానికి పోతుంది, ఇంట్లో వాళ్లకీ కొన్ని ఉండాలి. కాబట్టి అమ్మకానికి పెట్టేది 3 కిలోలు, 2 కిలోలు. మొత్తం 5 కిలోలే. 20 కిలోలు ఎందుకు నెత్తి మీద పడ్డాయో ఈ ఒక్క అంకె చెబుతుంది. అది మీ వల్ల అయ్యే పనికి నాలుగు రెట్లు.

ఎర్రగా వచ్చాయన్నారు కదా, అది కూడా ఇందులోంచే పుట్టింది. ఒకేసారి ఎక్కువ పిండి తడిపి పెట్టుకుంటే గంటలు గడిచేకొద్దీ పిండి నాని, ఆలస్యంగా వేసినవి రంగు మారతాయి, నూనె కూడా ఎక్కువ పీలుస్తాయి. అందుకే ఒక గంటలో వేయించగలిగినంత పిండే తడుపుకోవాలి. నూనె సంగతీ అంతే. అదే నూనె గంటల తరబడి కాగితే నల్లబడుతుంది, పైన నురగ నిలుస్తుంది, మామూలు మంట మీదే పొగ రావడం మొదలవుతుంది. నురగ తగ్గకుండా నిలిచిపోయిందంటే ఆ నూనె పని అయిపోయినట్టే. కొత్త నూనె కలిపి సాగదీయకూడదు, మార్చేయాలి. అందుకని మీ పరిమితి మీ ఓపికకి మాత్రమే సంబంధించింది కాదు. పదో ఇంటికి వెళ్లే ప్యాకెట్ మొదటి ఇంటి ప్యాకెట్‌లా ఉండాలంటే పరిమితి తప్పదు.

ఇంక ప్యాకెట్ సైజు. 5 కిలోలని అరకిలోల్లో కడితే 10 ప్యాకెట్లు. ఇంటికి రెండు చొప్పున ఐదు ఇళ్లతో అయిపోతాయి. మిగతా 75 ఇళ్లకీ దొరకలేదన్న మాట మిగులుతుంది. పావుకిలోల్లో కడితే 12 జంతికల ప్యాకెట్లు, 8 చెక్కల ప్యాకెట్లు. ఇంటికి రెండు అంటే కనీసం పది ఇళ్లకి అందుతాయి. కట్టే పని, కవర్ల ఖర్చు కొంచెం పెరుగుతాయి, నిజమే. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి పది ఇళ్లు రుచి చూడటం ఎక్కువ లాభం అని నేననుకుంటాను. మీకు ఇళ్ల సంఖ్య ముఖ్యం కాదు, పని తొందరగా తేలిపోతే చాలనుకుంటే అరకిలోలే మేలు. ఇంకో దారి కూడా ఉంది. ఒక వారం ఒక్క రకమే చేయండి. ఆ ఆరు గంటలూ జంతికలే చేస్తే 24 పావుకిలో ప్యాకెట్లు తేలిగ్గా వస్తాయి, చెక్కలు వచ్చేసారికి ఉంటాయి. రెండూ కావాలని అడిగేవాళ్లు కొంచెం నిరుత్సాహపడతారు, మీ వంటిల్లు మాత్రం సగం ప్రశాంతంగా ఉంటుంది.

ధర విషయానికి వస్తే, అందరి ముందూ రాయండి. దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు. "రేటు కోసం పర్సనల్‌గా" అని రాయగానే చదివినవాళ్లకి రెండు అనుమానాలు వస్తాయి. ఒక్కొక్కరికి ఒక్కో రేటు చెబుతారేమో, అడిగితే తగ్గుతుందేమో అని. ఆంటీ బేరం ఆడారంటే తప్పు ఆవిడది కాదు, మీ మెసేజే తలుపు తీసి పెట్టింది. పైగా అదే ప్రశ్నకి అదే జవాబు ఇరవైమందికి టైపు చేసే పని కూడా మీదే. కిలో ధర కాకుండా ప్యాకెట్ ధర రాయండి. కిలో ధర చూడగానే మనసు బజారు రేటుతో పోల్చడం మొదలెడుతుంది, తర్వాత "300 గ్రాములు ఇస్తారా" అని అడుగుతారు. ప్యాకెట్ ధర రాస్తే అడగాల్సింది ఒక్కటే మిగులుతుంది, ఎన్ని ప్యాకెట్లు అని.

ఆ ధర ఎంత అన్నది నేను చెప్పలేను గానీ, లెక్క ఎక్కడ తప్పుతారో చెప్పగలను. చాలామంది పిండి, పప్పు, నువ్వులు, కారం వరకు లెక్కేసి దాని మీద కొంచెం వేసుకుంటారు. వాటికి 100 అయ్యిందనుకోండి. జంతికలు పీల్చుకున్న నూనె, చివర్లో పారబోసిన నూనె కలిపితే ఇంకో 60 కావచ్చు. గ్యాసు, కవర్లు, లేబుళ్లు 20. మొత్తం 180. మీరు 100 మీద రెట్టింపు వేశాను కదా అని 200కి అమ్మితే బాగానే మిగిలినట్టు అనిపిస్తుంది, కానీ ఆరు గంటల పనికి మీకు దక్కింది 20. అంకెలు మీ ఇంట్లో వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే. మూకుడులో పోసిన నూనె ఎంత, మళ్లీ వాడుకోగలిగేంత మంచిగా మిగిలింది ఎంత, ఈ రెండూ ఒక్కసారి కొలిచి రాసుకుంటే మీ అసలు ఖర్చు తెలిసిపోతుంది. ఆ పైన మీ గంటకి ఎంత కావాలో వేసుకోండి. అప్పుడు "మనలో మనకి ఇంత రేటా?" అన్నా మీకు గొంతులో తడబాటు ఉండదు.

అలా అడిగేవాళ్లు మళ్లీ వస్తారు. అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. తగ్గించి ఇవ్వొచ్చు. ఒక్కరికి తగ్గిస్తే, అందరూ ఒకే భవనంలో ఉన్నారు కాబట్టి, అది రెండు రోజుల్లో అందరి రేటూ అవుతుంది. రేటు ఉంచి, ప్యాకెట్‌లో గుప్పెడు ఎక్కువ వేయొచ్చు. ఇది మర్యాదగా కనిపిస్తుంది గానీ ఖర్చులో తగ్గించడంతో సమానమే, తర్వాతసారి అది హక్కు అవుతుంది. లేదా అమ్మకం, ఆప్యాయత వేరు చేయొచ్చు. "రేటు అందరికీ ఒకటే ఆంటీ. ఇదిగో, ఇవి ఇంట్లోకి చేసుకున్నవి, టీలోకి తినండి" అని మీ ఇంటి డబ్బాలోంచి చిన్న గిన్నెలో ఇవ్వండి. నాకు మూడోదే నచ్చుతుంది. ఇంటికోసం పక్కన పెట్టమన్న ఆ కొంచెం దీనికీ పనికొస్తుంది. అయితే ఈ గిన్నె మీకు ఇవ్వాలనిపించినప్పుడే ఇవ్వండి, అడిగిన ప్రతిసారీ కాదు.

ఇప్పుడు ఆర్డర్లు ఎక్కడ తీసుకోవాలన్నది. గ్రూపులోనే తీసుకుంటే మిగిలినవెన్నో అందరికీ కనిపిస్తాయి, "అయిపోయాయి" అన్నప్పుడు ఎవరూ అనుమానించరు. కానీ ఆ పద్ధతికి ఒక తంటా ఉంది. ఒకరు "1. ఫలానా ఫ్లాట్, 2 ప్యాకెట్లు" అని రాస్తారు, తర్వాతివాళ్లు ఆ జాబితాని కాపీ చేసి కింద తమ పేరు చేరుస్తారు. ఇద్దరు ఒకే నిమిషంలో కాపీ చేస్తే ఇద్దరూ నాలుగో నంబరు వేసుకుంటారు, ఆ తర్వాత కాపీ చేసినవాళ్లు ఏదో ఒక జాబితాని మాత్రమే ముందుకి తీసుకెళ్తారు. ఒకరి పేరు ఎవరి తప్పూ లేకుండా మాయమైపోతుంది. శనివారం వాళ్లు మీ తలుపు దగ్గర నిలబడితే గానీ అది బయటపడదు. పోల్ పెడితే ఎవరు కావాలన్నారో తెలుస్తుంది, ఎన్ని ప్యాకెట్లో తెలీదు, పైగా వేసిన ఓటు తర్వాత మార్చుకోవచ్చు.

విడిగా మెసేజ్ పెట్టమంటే జాబితా మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది, తప్పిపోదు. గ్రూపులో మిగతావాళ్లకి మెసేజ్‌ల మోత ఉండదు. దీనికి బదులు మీరు చేయాల్సింది ఒకటుంది, ఎన్ని మిగిలాయో, ఎప్పుడు అయిపోయాయో గ్రూపులో మీరే చెప్పాలి. చెప్పకపోతే "నాకు లేదన్నారు, ఆవిడకి ఇచ్చారు" అన్న మాట పుడుతుంది. మీ భవనంలో ఇప్పటికే ఒక రేటు గొడవ నడిచింది కాబట్టి మీకు ఈ పద్ధతే సరిపోతుందనిపిస్తోంది.

ఏ పద్ధతి పెట్టుకున్నా, ఆర్డర్ వచ్చే దారి ఒక్కటే ఉండాలి. లిఫ్టులో చెప్పినా, పనమ్మాయితో కబురు పంపినా నవ్వుతూ "ఒక్క మెసేజ్ పెట్టేయండి, లేకపోతే మర్చిపోతాను" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మెసేజ్ పెట్టినంత మాత్రాన ఆర్డర్ అయిపోయినట్టు కాదని కూడా ముందే రాయాలి. మీరు "రాసుకున్నాను" అని జవాబిస్తేనే ఖాయం. ఈ ఒక్క వాక్యం లేకపోతే, మీరు నిద్రలో ఉన్నప్పుడు వచ్చిన 21వ ప్యాకెట్ కూడా మీ మీద బాకీ అయిపోతుంది.

తీసుకెళ్లే టైము విషయంలో ముందుగా చూడాల్సింది మనుషుల వీలు కాదు, జంతికల వీలు. వేడి పూర్తిగా పోకముందే కవర్‌లో పెడితే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి. మీవి కొన్ని మెత్తబడింది దాదాపు ఇందువల్లే అయ్యుంటుంది, రాత్రి వేయించి అప్పటికప్పుడు కట్టి ఇచ్చి ఉంటారు. పళ్లెంలో పల్చగా పరిచి, చేత్తో పట్టుకుంటే మధ్యలో కూడా వేడి తగలకుండా ఉన్నప్పుడు కట్టాలి. శనివారం ఉదయం 11కి చివరి వాయి దిగితే, మధ్యాహ్నం కట్టడం మొదలుపెట్టి మూడింటికి ముగించొచ్చు. కాబట్టి సాయంత్రం 5 నుంచి 7 వరకు తీసుకెళ్లమనండి. రెండు గంటలు చాలు. "సాయంత్రం ఎప్పుడైనా" అన్నారంటే పదిన్నర కూడా సాయంత్రమే అవుతుంది. ఊళ్లో లేనివాళ్ల కోసం ఆదివారం ఉదయం ఒక గంట ఇవ్వండి. ఆ గంట దాటాక ఆ ప్యాకెట్ వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి వెళ్తుందని కూడా రాయండి. కటువుగా ఉందనిపిస్తే ఆ మాట గ్రూపులో కాకుండా, మీరు విడిగా ఇచ్చే "రాసుకున్నాను" జవాబులో చేర్చండి.

తీసుకెళ్లనివాళ్ల సంగతి డబ్బుతో ముడిపడింది. ముందే మొత్తం డబ్బు పంపమంటే చెప్పినవాళ్లలో దాదాపు అందరూ వస్తారు. కానీ మీకు జ్వరం వచ్చినా, గ్యాసు అయిపోయినా అదే రోజు అందరికీ తిరిగి పంపాల్సిన బాధ్యత మీది. "మనవాళ్ల దగ్గర ముందే డబ్బులా" అనే గొణుగుడు కూడా కొంత ఉంటుంది. తీసుకెళ్లేటప్పుడు ఇమ్మంటే మొహమాటం ఉండదు, ఒకటి రెండు ప్యాకెట్లు మిగిలిపోవచ్చు. మీరు పరిమితి పెట్టుకుని, వెయిటింగ్ జాబితా రాసుకుంటే ఆ మిగిలినవి అమ్ముడుపోతాయి కాబట్టి ఈసారికి రెండోదే చాలు. ఎవరైనా రెండుసార్లు చెప్పి రాకపోతే మూడోసారి ఆ ఒక్కరి దగ్గరే ముందు డబ్బు అడగండి, దానికోసం అందరికీ నియమం పెట్టక్కర్లేదు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు. ఖాళీల్లో మీ లెక్కలో తేలిన ధర వేసుకోండి. పదార్థాల పేర్లు కూడా మీరు నిజంగా వేసేవే రాయండి.

"అందరికీ నమస్కారం. ఈ శనివారం ఇంట్లో జంతికలు, చెక్కలు చేస్తున్నాను.

జంతికలు: బియ్యప్పిండి, శనగపిండి, వెన్న, నువ్వులు, వాము. పావుకిలో ప్యాకెట్ ____. మొత్తం 12 ప్యాకెట్లు.

చెక్కలు: బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు. పావుకిలో ప్యాకెట్ ____. మొత్తం 8 ప్యాకెట్లు.

ఒక్క పొయ్యి మీద చేస్తున్నాను కాబట్టి ఒక్కో ఇంటికి రెండూ కలిపి 2 ప్యాకెట్ల వరకు.

ఆర్డర్: బుధవారం రాత్రి 8 లోపు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఫ్లాట్ నంబరు, జంతికలు ఎన్ని, చెక్కలు ఎన్ని రాస్తే చాలు. నేను 'రాసుకున్నాను' అని జవాబిస్తే ఆర్డర్ ఖాయం అయినట్టు.

తీసుకెళ్లడం: శనివారం సాయంత్రం 5 నుంచి 7 వరకు మా ఫ్లాట్ దగ్గర. కుదరకపోతే ఆదివారం ఉదయం 10 నుంచి 11 వరకు. డబ్బు అప్పుడే ఇవ్వొచ్చు.

ప్యాకెట్లు అయిపోగానే ఇక్కడ చెబుతాను."

ఇందులో "ఒక్క పొయ్యి మీద చేస్తున్నాను కాబట్టి" అన్న ఐదు మాటలు గమనించండి. గొప్పలు పోతోంది అనుకుంటారేమో అన్న మీ భయానికి జవాబు అదే. కారణం పక్కనే ఉన్న పరిమితిని ఎవరూ తప్పుపట్టరు. "దయచేసి అర్థం చేసుకోండి, ఏమీ అనుకోకండి" లాంటివి చేర్చకండి, అవి చదివితే అనుకోవాల్సింది ఏదో ఉందేమో అనిపిస్తుంది. పదార్థాల వరస మాత్రం తీసేయకండి. పల్లీలు, నువ్వులు, పాల పదార్థాలు పడనివాళ్లు ప్రతి భవనంలో ఒకరిద్దరు ఉండొచ్చు, పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. జంతికల్లో పల్లీలు లేకపోయినా, చెక్కలు వేయించిన నూనెలోనే వాటినీ వేయిస్తే ఆ మాట రాయాలి. శుక్రవారం జంతికలు, శనివారం చెక్కలు అని నేను వరస పెట్టడానికి అది కూడా ఒక కారణం.

బుధవారం రాత్రితో ఎందుకు ఆపాలంటే, గురువారం మీరు సరుకులు తెచ్చుకోవాలి, శుక్రవారం పొయ్యి వెలిగించాలి. ఆర్డర్లు ఆగకముందే సరుకులు కొంటే మిగులుతాయి, లేదా చాలవు. మెసేజ్ సోమవారం సాయంత్రం పెట్టండి. పొద్దున్న ఆఫీసుల హడావిడిలో పెడితే చూసి వదిలేస్తారు, రాత్రి చూసేసరికి పైన వంద మెసేజ్‌లు పడి ఉంటాయి. అడ్మిన్‌ని అడిగి ఆ రెండు రోజులూ మెసేజ్‌ని పైన పిన్ చేయించుకోగలిగితే ఇంకా మంచిది. ఎలాగూ అడ్మిన్‌ని ముందే ఒక మాట అడగాలి. కొన్ని గ్రూపుల్లో అమ్మకాల మెసేజ్‌లు పెట్టకూడదని, లేదా వారంలో ఒకే రోజు పెట్టాలని నియమం ఉంటుంది. "నెలకి రెండుసార్లు, సోమవారం ఒక మెసేజ్, ఒక్కో రకం అయిపోయాక ఒక మెసేజ్, అంతకుమించి పెట్టను" అని మీరే చెబితే వాళ్లకి కాదనడానికి కారణం ఉండదు.

అయిపోయిన మాట చెప్పడంలో ఒక చిన్న ఇబ్బంది వస్తుంది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల లోపే సవరించగలం. మంగళవారం చెక్కలు అయిపోతే పాత మెసేజ్‌లో దిద్దడానికి వీలుండదు. దాన్ని అలాగే వదిలేస్తే బుధవారం చదివినవాళ్లు ఇంకా 8 ఉన్నాయనుకుంటారు. అందుకని పాత మెసేజ్‌కే రిప్లైగా "చెక్కలు అయిపోయాయి, జంతికలు 5 ఉన్నాయి" అని రాయండి. అప్పుడు పాతదీ కొత్తదీ కలిసి కనిపిస్తాయి. పంపగానే ఒకసారి ధర, తేదీ, టైము మళ్లీ చదువుకోండి, ఆ 15 నిమిషాలు అందుకే.

ముందు అడిగినవాళ్లకే ఇవ్వాలా అన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ వస్తుంది. వచ్చిన వరసలో ఇస్తే మీకు తేలిక, లెక్క స్పష్టం. కానీ సాయంత్రం దాకా ఫోన్ చూడలేని ఉద్యోగస్తులు ప్రతిసారీ మిస్ అవుతారు. రెండో పద్ధతిలో, బుధవారం దాకా అందరి పేర్లూ రాసుకుని, ఎక్కువైతే ఇంటికి ఒక్కటే ఇస్తారు. అది ఎక్కువ ఇళ్లకి అందుతుంది, కానీ రెండు అడిగి ఒకటి అందుకున్నవాళ్ల మొహం మీరు చూడాలి, "రాసుకున్నాను" అనే మాట కూడా బుధవారం దాకా ఎవరికీ చెప్పలేరు. మొదటి రెండుసార్లు వచ్చిన వరసలోనే ఇచ్చి, దొరకనివాళ్ల పేర్లు రాసుకుని, వచ్చేసారి గ్రూపులో పెట్టడానికి ఒక గంట ముందు వాళ్లకి విడిగా చెప్పడం నాకు న్యాయంగా తోస్తోంది.

మీ ఆయన మాట. ఆయన మానెయ్ అన్నది వ్యాపారాన్నా, మూడు రాత్రులనా అన్నది అడిగి తెలుసుకోండి. పదిన్నరకి బెల్లు మోగితే ఆయన నిద్ర కూడా పోయింది. ఈ కాగితం మీది లెక్క, శుక్రవారం మూడు గంటలు, శనివారం మూడు గంటలు, సాయంత్రం 7 దాటితే తలుపు మూసేయడం, ఆయనకి చూపించండి. ఒక్కసారి చూద్దాం అంటారేమో. అప్పటికీ వద్దంటే, ఆర్డర్లని నెలకి ఒక్కసారికి తగ్గించడం ఒక దారి. చెక్కలు వత్తడానికి ఒక మనిషిని పెట్టుకుని గంటలు తగ్గించుకోవడం ఇంకో దారి, కానీ వాళ్ల కూలి ధరలో కలపాలి, రుచి మీ చేతిలోంచి కొంత జారుతుంది. ఏది చేసినా గ్రూపులో మెసేజ్ పెట్టేముందే ఇంట్లో తేలిపోవాలి. పెట్టాక వెనక్కి తీసుకోవడం ఇరుగుపొరుగు దగ్గర చాలా ఇబ్బంది.

ఇక మళ్లీ మెసేజ్ పెట్టేముందే, ఇంట్లో వండి అమ్మేవాళ్లకి మీరుండే చోట ఏం నమోదు కావాలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కొన్ని చోట్ల చిన్న మొత్తానికి కూడా నమోదు తప్పనిసరి. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లని కూడా ఒక మాట అడగండి. ప్యాకెట్ మీద చేసిన తేదీ, బరువు, పదార్థాలు, ఎన్ని రోజుల్లోపు తినాలో చేత్తో రాసి అంటించడం మాత్రం ఈ శనివారం నుంచే మొదలుపెట్టండి. ఎన్ని రోజులు అన్నది ఊహించి రాయకుండా, మీ డబ్బాలో ఒక ప్యాకెట్ కట్టి ఉంచి, రెండు రోజులకోసారి ఒకటి కొరికి చూడండి. నూనె కంపు ఎప్పుడు మొదలైందో, కరకర ఎప్పుడు తగ్గిందో చూసుకుని, దానికి నాలుగైదు రోజుల ముందు తేదీ వేయండి.